పడక పుండ్ల నివారణ: వార్డు పనిని 250 పదాల్లో చెప్పడం

కాన్ఫరెన్స్‌లో పోస్టర్‌కు చోటు దొరకాలంటే ముందు నిర్వాహకులకు అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. చేసిన పని మొత్తాన్ని సాధారణంగా 250 నుంచి 300 పదాల్లో చెప్పే సారాంశం అది. దాన్ని చదివి మార్కులు వేసే పరిశీలకులు ఆ వార్డును చూసి ఉండరు, రిజిస్టర్లు తిరగేసి ఉండరు. వాళ్ల ముందు ఉండేది ఆ ఒక్క పేజీయే. అందువల్ల వార్డులో పడక పుండ్లను తగ్గించడానికి నెలల తరబడి పనిచేసిన నర్సులు కూడా, ఆ తగ్గుదలను ఎలా లెక్కించారో పేజీలో చెప్పలేకపోతే పోస్టర్ అవకాశం పోగొట్టుకుంటారు. ఇలాంటి అబ్‌స్ట్రాక్ట్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం, అన్నిటికన్నా విలువైన భాగం ఆ లెక్కే. మిగతా వాక్యాలన్నీ దాని చుట్టూ అల్లుకుంటాయి.

ఏది లెక్కలోకి వస్తుంది

కదలలేని రోగి ఒకే భంగిమలో ఎక్కువసేపు పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, దాని కింది కండ నలుగుతాయి. సన్నని రక్తనాళాలు మూసుకుపోయి ఆ భాగానికి రక్తం అందదు. తల వైపు ఎత్తిన మంచం మీద రోగి కిందికి జారినప్పుడు చర్మం పరుపుకు అంటుకుని ఉండగా లోపలి కండ లాగబడి దెబ్బ మరింత పెరుగుతుంది. నడుము కింద, పిరుదుల మధ్య, మడమల దగ్గర, తుంటి పక్కన, తల వెనుక ఇవి ఎక్కువగా వస్తాయి. ఆక్సిజన్ గొట్టం ఒరిపిడికి చెవి వెనుక వచ్చేవి కూడా ఈ కోవలోవే. ఇళ్లలో పడక పుండ్లు అని, ఆసుపత్రుల్లో బెడ్ సోర్స్ అని పిలిచే వీటిని అమెరికాలోని జాతీయ సలహా మండలి 2016 నుంచి ప్రెజర్ ఇంజురీ అంటోంది. చర్మం పగలకముందే దెబ్బ మొదలవుతుంది కాబట్టి పుండు అన్న మాట మొదటి దశకు సరిపోదన్నది ఆ మార్పుకు ఒక కారణం.

దశలు నాలుగు. మొదటి దశలో చర్మం చెక్కుచెదరదు, కానీ వేలితో నొక్కి వదిలినా ఎరుపు తగ్గదు. రెండో దశలో పైచర్మం ఊడి లోపలి పొర బయటపడుతుంది. మూడో దశలో చర్మం పూర్తి లోతు వరకూ పోయి కొవ్వు కనిపిస్తుంది. నాలుగో దశలో కండరం, స్నాయువు లేదా ఎముక బయటపడతాయి. ఇవి కాక పైన నల్లని లేదా పసుపు పచ్చని మృతకణజాలం కప్పేసి లోతు తెలియనివి, చర్మం కింద ఊదారంగులో కనిపించే లోతైన దెబ్బలు విడిగా ఉంటాయి.

అబ్‌స్ట్రాక్ట్ రాయబోయే బృందం మొదట తేల్చుకోవలసింది వీటిలో దేన్ని లెక్కించారన్నది. మొదటి దశను కలిపితే అంకె పెద్దదవుతుంది, వదిలేస్తే చిన్నదవుతుంది. పైగా ముదురు రంగు చర్మం మీద ఎరుపు కంటికి ఆనకపోవచ్చు. అక్కడ వేడి, గట్టిదనం, వాపు, నొప్పి, చుట్టుపక్కల చర్మంతో పోలిస్తే రంగులో తేడా చేతితో, కంటితో వెతికి చూడాలి. మన వార్డుల్లో ఇలా చూడకపోతే మొదటి దశ దెబ్బలు నమోదు కాకుండానే పోతాయి. ఇంకో చిక్కు డైపరు తడి వల్ల వచ్చే ఒరుపు. మూత్రం, విరేచనాల తడికి చర్మం చిట్లి రెండో దశ పుండులా కనిపిస్తుంది, కానీ అది ఎముక ఒత్తిడి వల్ల వచ్చింది కాదు. ఒక నెల దాన్ని లెక్కలో కలిపి, శిక్షణ తర్వాత మరో నెల వదిలేస్తే పని ఏమీ జరగకుండానే పుండ్లు తగ్గినట్టు కనిపిస్తుంది.

మూడోది, పుండు ఎక్కడ వచ్చిందన్న ప్రశ్న. ఇంటి నుంచో వేరే ఆసుపత్రి నుంచో పుండుతోనే వచ్చిన రోగిని వార్డు ఖాతాలో వేయకూడదు. వార్డులో చేరిన కొద్ది గంటల్లోనే తల నుంచి కాలి వరకు చర్మం చూసి కేస్ షీటులో రాసి ఉంటేనే ఆ తేడా తర్వాత తెలుస్తుంది. ఆ నమోదు లేని నెలల లెక్కను కొత్త పుండ్ల లెక్కగా చూపడం కుదరదు.

కింద ఉండే అంకె

“ముందు 21 మందికి పుండ్లు వచ్చాయి, తర్వాత 9 మందికి వచ్చాయి” అన్న వాక్యం పరిశీలకుడికి ఏమీ చెప్పదు. రెండో కాలంలో వార్డు సగం ఖాళీగా ఉండి ఉండవచ్చు. అందుకే పుండ్ల సంఖ్యను రోగి దినాలతో భాగిస్తారు. రోజూ అర్ధరాత్రి సెన్సస్‌లో వార్డులో ఎంతమంది ఉన్నారో ఆ సంఖ్యలను కూడితే రోగి దినాలు వస్తాయి. పది మంది మూడు రోజులు ఉంటే 30 రోగి దినాలు. కొత్తగా పుండు వచ్చిన రోగుల సంఖ్యను దానితో భాగించి 1000తో గుణిస్తే రేటు వస్తుంది. మన దేశంలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ కూడా నాణ్యతా సూచికగా ఈ పద్ధతినే అడుగుతుంది. కాబట్టి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఈ లెక్కకు కావలసిన రిజిస్టర్లు చాలావరకు ముందే ఉంటాయి.

ఇంకో రకం లెక్క ఫలానా రోజున వార్డంతా తిరిగి, పుండు ఉన్నవాళ్లు ఎందరో చూడడం. అందులో పాతవి, కొత్తవి, బయటి నుంచి వచ్చినవి అన్నీ కలుస్తాయి. నివారణ పని ఫలించిందా అన్న ప్రశ్నకు కొత్తవాటి రేటే నేరుగా జవాబిస్తుంది. ఒక రోజు సర్వే చేసి దాన్ని కొత్త పుండ్ల రేటు అని రాయడం ఈ తరహా అబ్‌స్ట్రాక్టుల్లో తరచూ దొర్లే పొరపాటు. లెక్క తెలిసిన పరిశీలకుడు దాన్ని మొదటి చదువులోనే పట్టుకుంటాడు.

ఒక రోగికి రెండు చోట్ల పుండ్లు ఉంటే రెండుగా లెక్కించాలా, ఒకటిగానా? ఏదైనా చెల్లుతుంది, కానీ ముందూ వెనకా ఒకే పద్ధతి ఉండాలి, అదేమిటో రాయాలి. రోగులను లెక్కించే వార్డు ఒక్కొక్కరినీ వారి అతి తీవ్రమైన దశ కింద ఒకసారి వేస్తే సరిపోతుంది.

ఒక వార్డు ఉదాహరణ

వివరంగా చూడడానికి 30 పడకల ఒక మెడిసిన్ వార్డును తీసుకోవచ్చు. ఈ వార్డు, దీని అంకెలు లెక్క వివరించడానికి కల్పించినవి. పక్షవాతం వచ్చిన రోగులు ఇక్కడ ఎక్కువ. జనవరి నుంచి జూన్ వరకు ఆరు నెలల్లో 5040 రోగి దినాలకు 21 మందికి కొత్తగా పుండ్లు వచ్చాయి. 21ని 5040తో భాగించి 1000తో గుణిస్తే 4.2. డిసెంబరు చివరికి దీన్ని సగానికి తగ్గించాలని వార్డు బృందం జూలైలో పని మొదలుపెట్టింది.

పనిలో మూడు భాగాలు. మొదటిది, రోగి చేరిన 8 గంటల్లోపు చర్మం చూడడం, బ్రేడెన్ స్కోరు వేయడం. అమెరికా నర్సింగ్ పరిశోధకులు బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ 1980లలో తయారుచేసిన ఈ స్కోరు స్పర్శజ్ఞానం, తడి, నడక, కదలిక, ఆహారం, ఒరిపిడి అనే ఆరు అంశాలను చూస్తుంది. మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది. స్కోరు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు. రెండోది, అలాంటి రోగులకు రెండు గంటలకోసారి పక్క మార్చి మంచం దగ్గరి చార్టులో సంతకం చేయడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలను పరుపుకు తగలకుండా ఎత్తడం. ఈ పని రోగి అటెండెంట్లకు కూడా నేర్పారు. మూడోది, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు నర్సులూ మంచం దగ్గరే నిలబడి రోగి వీపు, మడమలు చూసి డ్యూటీ అప్పగించుకోవడం.

రెండు గంటలు అన్నది ఈ వార్డు పెట్టుకున్న నియమం. 2019లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు అందరికీ ఒకే వ్యవధి విధించకుండా రోగి కదలిక, చర్మం తట్టుకునే శక్తి, వాడుతున్న పరుపును బట్టి నిర్ణయించమంటాయి. అందువల్ల అబ్‌స్ట్రాక్ట్‌లో “మార్గదర్శకాల ప్రకారం రెండు గంటలకోసారి” అని రాస్తే తప్పవుతుంది. “వార్డు నియమం ప్రకారం” అంటే సరిపోతుంది.

ఇలాంటి పని ఒక్కసారిగా కుదరదు. చిన్నగా మొదలుపెట్టి, చూసి, సరిదిద్ది, మళ్లీ చేయడాన్ని నాణ్యతా రంగంలో పీడీఎస్ఏ చక్రం అంటారు. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, సవరణ అన్నవి అందులో నాలుగు మెట్లు. ఉదాహరణ వార్డులో మొదటి వారాల్లో చార్టు నర్సుల బల్ల మీద ఉండేది. షిఫ్టు చివర ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో గడులన్నీ నిండేవి. అలా నిండిన చార్టు పక్క మార్చారనడానికి సాక్ష్యం కాదని గుర్తించి దాన్ని మంచానికి తగిలించారు. తర్వాత రాత్రి గడులు ఖాళీగా ఉంటున్నాయని తేలింది. అటెండెంటు నిద్రపోతున్నాడు, ఇద్దరు నర్సులకు వార్డంతా చూడడం కష్టమవుతోంది. అప్పుడు పక్క మార్చే వేళలను రాత్రి మందులు ఇచ్చే, బీపీ చూసే రౌండ్లతో కలిపారు. ఈ రెండు సవరణలూ అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక్క వాక్యంలో ఇమడాలి. కానీ ఆ వాక్యం తప్పక ఉండాలి. “సిబ్బందికి శిక్షణ ఇచ్చాం” అన్న మాట కన్నా చార్టు బల్ల మీద నుంచి మంచం దగ్గరికి ఎందుకు వెళ్లిందో చెప్పే వాక్యమే వేరే వార్డుకు పనికివస్తుంది.

మూడు రకాల కొలతలు

జూలై నుంచి డిసెంబరు వరకు 5150 రోగి దినాలకు 9 మందికి కొత్త పుండ్లు వచ్చాయి. రేటు 1.7. తగ్గుదల 58 శాతం. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. గుండు చేసిన 4.2, 1.7ల నుంచి శాతం తీస్తే 60కి దగ్గరగా వస్తుంది. అసలు అంకెల నుంచి తీస్తేనే 58 వస్తుంది. పోస్టర్ ముందు నిలబడి కాలిక్యులేటర్ తీసే చదువరి ఉంటాడు కాబట్టి శాతం పక్కన పుండ్ల సంఖ్య, రోగి దినాలు రెండూ ఉండాలి.

ఇది ఫలితపు కొలత. ఒక్క దానితో కథ పూర్తి కాదు. నిజంగా పని మారితేనే ఫలితం మారిందని నమ్మడానికి పని కొలత కావాలి. బృందం రెండు కాలాల్లోనూ 60 కేస్ షీట్ల చొప్పున యాదృచ్ఛికంగా తీసి చూసింది. ముందు 23 షీట్లలో, తర్వాత 51 షీట్లలో 8 గంటల్లోపు బ్రేడెన్ స్కోరు ఉంది. అంటే 38 శాతం నుంచి 85 శాతానికి పెరిగింది. స్కోరు వేయడం పెరగకుండా పుండ్లు మాత్రమే తగ్గి ఉంటే కారణం వేరే ఎక్కడో ఉందని అనుమానించాల్సి వచ్చేది.

మూడోది పని వల్ల మరో చోట నష్టం జరిగిందేమో చూసే కొలత. రోగిని తరచూ తిప్పితే ముక్కు గొట్టం, మూత్రపు గొట్టం ఊడిరావచ్చు. ఉదాహరణ వార్డులో అలా ఊడినవి ముందు 6, తర్వాత 7. పెద్ద తేడా లేదు. చాలా అబ్‌స్ట్రాక్టులు ఈ కొలతను వదిలేస్తాయి. అది ఉన్న అబ్‌స్ట్రాక్ట్ మాత్రం, రాసినవాళ్లు తమ పనిని అవతలి వైపు నుంచి కూడా చూశారని వెంటనే చెబుతుంది.

చిన్న అంకెలతో వచ్చే చిక్కు

21 నుంచి 9కి తగ్గడం కాకతాళీయం కావచ్చా? ఒక్క వార్డులో, ఆరు నెలల కాలంలో పుండ్ల సంఖ్య ఎప్పుడూ చిన్నదే. రెండో దశ, అంతకు పైబడినవి మాత్రమే తీసుకుంటే 9 నుంచి 3కి తగ్గాయి. ఇంత చిన్న అంకెలు ఏ పనీ చేయకుండానే అటూ ఇటూ ఊగుతాయి. అలాంటప్పుడు రెండు మొత్తాలను మాత్రమే పోల్చడం కన్నా నెలవారీ అంకెలను వరుసగా చూడడం మేలు. ఈ వార్డులో రోగి దినాలు నెలనెలా దాదాపు ఒకేలా ఉన్నాయి కాబట్టి సంఖ్యలనే చూడవచ్చు. జనవరి నుంచి జూన్ వరకు 4, 3, 5, 3, 2, 4. జూలై నుంచి డిసెంబరు వరకు 3, 2, 2, 1, 1, 0.

మొదటి ఆరు నెలల మధ్యగతం 3.5. నాణ్యతా పనుల్లో రన్ చార్టు చదివే పద్ధతి ప్రకారం వరుసగా ఆరు లేదా అంతకన్నా ఎక్కువ బిందువులు మధ్యగత రేఖకు ఒకే వైపు పడితే అది సాధారణ ఊగిసలాట కాకపోవచ్చు. ఇక్కడ పని మొదలైన ఆరు నెలలూ రేఖకు కిందే ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం అబ్‌స్ట్రాక్ట్‌లో ఉంటే పరిశీలకుడి అనుమానం చాలావరకు తీరుతుంది. రేఖాచిత్రం మాత్రం పోస్టర్ మీద వస్తుంది. అబ్‌స్ట్రాక్ట్‌లో బొమ్మలకు, పట్టికలకు సాధారణంగా చోటుండదు.

కొన్ని వార్డుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. పని మొదలైన మొదటి నెలల్లో పుండ్లు పెరుగుతాయి. నర్సులు ఇంతకుముందు చూడని వీపులను చూస్తున్నారు కాబట్టి ఇంతకుముందు నమోదు కాని మొదటి దశ దెబ్బలు బయటపడతాయి. ఇది సంరక్షణ దిగజారడమా, కళ్లు తెరుచుకోవడమా అన్నది దశలను విడదీస్తే తెలుస్తుంది. మొదటి దశ పెరిగి, మూడు నాలుగు దశలు తగ్గుతుంటే చూపు మెరుగుపడిందని అర్థం. అన్ని దశలూ పెరుగుతుంటే వార్డులో నిజంగానే సమస్య ఉంది. అటువంటి ఫలితాన్ని దాచకుండా దశలవారీగా రాసిన అబ్‌స్ట్రాక్ట్ కూడా పోస్టర్‌కు అర్హమైనదే.

ఎంతవరకు అనవచ్చు

ముందు కాలాన్నీ తర్వాతి కాలాన్నీ పోల్చే పనిలో పక్కన పోలికకు వేరే వార్డు లేదు. కాబట్టి “మా పద్ధతి పుండ్లను 58 శాతం తగ్గించింది” అనడం లెక్క దాటిన మాట. “పద్ధతి అమలైన కాలంలో రేటు 58 శాతం తక్కువగా ఉంది” అనడం లెక్కకు కట్టుబడిన మాట. రెండిటి మధ్య తేడా ఉదాహరణ వార్డులోనే కనిపిస్తుంది. సెప్టెంబరులో ఆసుపత్రి నాలుగు కొత్త ఎయిర్ బెడ్లు కొన్నది. తగ్గుదలలో వాటి వాటా ఎంతో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. ఈ విషయం రాస్తే బలహీనపడతామని భయపడి వదిలేస్తే, పోస్టర్ ముందు ఎవరైనా అడిగినప్పుడు జవాబు చెప్పలేని పరిస్థితి వస్తుంది.

రోగుల తీరు మారిందా అన్నది కూడా ఇలాంటిదే. రెండో కాలంలో తక్కువ జబ్బుతో వచ్చినవాళ్లు ఎక్కువైతే పుండ్లు వాటంతటవే తగ్గుతాయి. మొదటి కాలంలో బ్రేడెన్ స్కోరు 38 శాతం షీట్లలోనే ఉంది కాబట్టి స్కోర్లతో పోల్చలేం. బదులుగా పక్షవాతం రోగుల చేరికలను చూస్తే ముందు 62, తర్వాత 66. అత్యంత ప్రమాదంలో ఉండే ఈ రోగులు తగ్గలేదన్నది కొంత ఊరట.

ముగింపు వాక్యంలో దేశంలోని ఆసుపత్రులన్నీ దీన్ని అమలు చేయాలని పిలుపునివ్వడం చాలామందికి అలవాటు. ఒక్క వార్డు అనుభవం నుంచి అంత దూరం పోలేం. ఏ తరహా వార్డుకు ఇది పనికివస్తుందో, ఏది కొనసాగిస్తున్నారో చెప్పి ఆగడం మేలు.

పేజీ మీదికి వచ్చాక

వార్డు స్థాయి నాణ్యతా పనులను ఎలా నివేదించాలో చెప్పే స్క్వైర్ 2.0 అనే అంతర్జాతీయ నియమావళి 2015లో వచ్చింది. సమస్య ఏమిటి, ఏం చేశారు, ఏం కనిపించింది, దానికి అర్థం ఏమిటి అన్న నాలుగు ప్రశ్నల చుట్టూ అది సాగుతుంది. కాన్ఫరెన్సులు అడిగే శీర్షికలు కూడా దాదాపు ఇవే: నేపథ్యం, లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు. 250 పదాలను వీటికి సమానంగా పంచకూడదు. నేపథ్యానికి రెండు వాక్యాలు చాలు. పడక పుండ్లు నొప్పి కలిగిస్తాయని, ఖర్చు పెంచుతాయని పరిశీలకులకు తెలుసు. వాళ్లకు తెలియనిది ఈ వార్డు సంగతి. పద్ధతికీ ఫలితాలకీ కలిపి మూడింట రెండు వంతుల చోటు ఇవ్వాలి.

రాసే క్రమం చదివే క్రమానికి తలకిందులు. ముందు ఫలితాల పేరా రాస్తారు. ఆ ఫలితాలు ఎలా వచ్చాయో చెప్పడానికి ఎంత అవసరమో అంత పద్ధతి రాస్తారు. ఆ తర్వాత లక్ష్యం, నేపథ్యం, ముగింపు. పేరు చివరగా పెడతారు. “పడక పుండ్ల నివారణలో నర్సుల పాత్ర” అన్న పేరు ఏ పనికైనా అతుకుతుంది. పని ఎక్కడ, దేనితో, దేని మీద జరిగిందో పేరులోనే తెలియాలి.

మన దేశంలో ఇలాంటి కాన్ఫరెన్సులు అబ్‌స్ట్రాక్టులను ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే తీసుకుంటాయి. ఉదాహరణ వార్డు అబ్‌స్ట్రాక్ట్‌ను తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది. విభక్తులు పదాలకే అతుక్కుంటాయి కాబట్టి తెలుగులో పదాల సంఖ్య తక్కువగా వస్తుంది.

*పేరు:* 30 పడకల మెడిసిన్ వార్డులో మంచం దగ్గరి చార్టు, షిఫ్టు మార్పిడిలో చర్మ పరిశీలన ద్వారా పడక పుండ్ల నివారణ: ఒక నాణ్యతా మెరుగుదల ప్రాజెక్టు

*నేపథ్యం:* పక్షవాతం రోగులు ఎక్కువగా ఉండే ఈ వార్డులో జనవరి నుంచి జూన్ వరకు 1000 రోగి దినాలకు 4.2 మందికి కొత్త పడక పుండ్లు వచ్చాయి. పరిశీలించిన 60 కేస్ షీట్లలో 23లో మాత్రమే చేరిన 8 గంటల్లోపు బ్రేడెన్ స్కోరు ఉంది.

*లక్ష్యం:* డిసెంబరు చివరికి కొత్త పుండ్ల రేటును సగానికి తగ్గించడం.

*పద్ధతి:* జూలైలో మూడు మార్పులు మొదలయ్యాయి: చేరిన 8 గంటల్లోపు చర్మ పరిశీలన, బ్రేడెన్ స్కోరు, స్కోరు 18 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవారికి రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమలు ఎత్తి ఉంచడం, షిఫ్టు మార్పిడిలో ఇద్దరు నర్సుల ఉమ్మడి చర్మ పరిశీలన. చార్టులు షిఫ్టు చివర ఒకేసారి నింపుతున్నట్టు తేలడంతో వాటిని మంచానికి తగిలించారు. రాత్రి లోపాలు కనిపించడంతో పక్క మార్చే వేళలను మందుల రౌండ్లతో కలిపారు. అన్ని దశల పుండ్లనూ లెక్కించారు. చేరేటప్పటికే ఉన్నవాటిని, తడి వల్ల వచ్చిన ఒరుపును మినహాయించారు. ఒక్కో రోగిని ఒకసారే లెక్కించారు.

*ఫలితాలు:* కొత్త పుండ్లు 5040 రోగి దినాలకు 21 మంది నుంచి 5150 రోగి దినాలకు 9 మందికి తగ్గాయి (1000కి 4.2 నుంచి 1.7, 58 శాతం తగ్గుదల). రెండో దశ, ఆపైవి 9 నుంచి 3కి తగ్గాయి. జూలై తర్వాత ఆరు నెలల సంఖ్యలూ ముందటి మధ్యగతానికి కిందే ఉన్నాయి. 8 గంటల్లోపు స్కోరు నమోదు 38 నుంచి 85 శాతానికి పెరిగింది. ఊడిన గొట్టాలు 6, 7.

*ముగింపు:* మార్పులు అమలైన కాలంలో కొత్త పుండ్ల రేటు తక్కువగా ఉంది. సెప్టెంబరులో చేరిన నాలుగు ఎయిర్ బెడ్ల ప్రభావాన్ని విడదీయలేం. అటెండెంట్లు సంరక్షణలో పాలుపంచుకునే వార్డుల్లో మంచం దగ్గరి చార్టును రాత్రి రౌండ్లతో కలిపి అమలు చేయవచ్చు.

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. “గణనీయంగా” అన్న మాట కూడా లేదు. గణాంక పరీక్ష చేసి ఫలితం చెప్పకుండా ఆ మాట వాడితే పరిశీలకులు పి విలువ ఎక్కడని అడుగుతారు.

పంపే ముందు

తిరస్కరణకు గురయ్యే అబ్‌స్ట్రాక్టుల్లో చాలావాటిని విషయం కన్నా చిన్న లోపాలే ముంచుతాయి. “ఫలితాలను పోస్టర్‌లో వివరిస్తాం” అన్న వాక్యం అన్నిటికన్నా ప్రమాదకరం. ఫలితం లేని సారాంశానికి మార్కులు వేయడానికి ఏమీ ఉండదు. డేటా పూర్తి కాకపోతే చేతిలో ఉన్న నెలల వరకే రాసి, అది ఏ నెల వరకో చెప్పాలి. కొన్ని కాన్ఫరెన్సులు రాసినవారి పేర్లు తెలియకుండా చదివిస్తాయి. అక్కడ పేరులో గానీ వచనంలో గానీ ఆసుపత్రి పేరు వస్తే పక్కన పెట్టవచ్చు. పదాల పరిమితిలో శీర్షికలు, పేరు కలుస్తాయో లేదో నియమాల్లో చూసుకోవాలి.

అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. వార్డు పనిని మెరుగుపరచడం పరిశోధన కాదన్న భావనతో చాలా బృందాలు ఎథిక్స్ కమిటీ దగ్గరికి వెళ్లవు. కానీ ఆసుపత్రి గోడలు దాటి ఫలితాలు ప్రచురించేటప్పుడు ఆ మాట నిర్ణయించవలసింది బృందం కాదు, కమిటీ. పూర్తి సమీక్ష అక్కర్లేదన్న మినహాయింపు పత్రమైనా పని మొదలయ్యే ముందు తీసుకుంటే సమర్పణ ఫారంలో ఆ గడి నింపడం తేలిక. పోస్టర్ మీద పుండు ఫొటో పెట్టదలిస్తే రోగి లేదా కుటుంబం రాతపూర్వక సమ్మతి వేరుగా కావాలి.

చివరి తనిఖీకి పని తెలియని ఒకరు చాలు. వేరే వార్డు నర్సుకు అబ్‌స్ట్రాక్ట్ ఇచ్చి, ఎన్ని రోగి దినాలు, ఏయే దశలు లెక్కించారు, ఏం మార్చారు అని అడగాలి. పేజీ చూసి ఆమె చెప్పలేని ప్రతి జవాబు అబ్‌స్ట్రాక్ట్‌లో లేనట్టే. తర్వాత అంకెలన్నిటినీ రిజిస్టరుతో సరిచూడాలి. ఆమోదం పొందిన అబ్‌స్ట్రాక్ట్ కాన్ఫరెన్స్ పుస్తకంలో అలాగే అచ్చవుతుంది. ఆ తర్వాత పోస్టర్ మీద వేరే అంకె కనిపిస్తే దేన్ని నమ్మాలో చదువరికి తెలియదు. తుది లెక్కలో మార్పు తప్పనిసరైతే పోస్టర్ మీద రెండు అంకెలూ వేసి, తేడా ఎందుకు వచ్చిందో కింద ఒక వాక్యంలో రాయాలి.